భాగీరథి తన గురించి తాను రాసుకున్న నాలుగు మాటలు

"ఏడేళ్లు ఇనుప ముక్కలు కొలిచారు కదా మేడం, డేటా గురించి మీకేం తెలుసని వచ్చారు?"

హైదరాబాదులో డేటా అనలిటిక్స్ నేర్పే ఒక కోచింగ్ సెంటర్లో, కౌన్సెలర్ నవదీప్ మొదటి ఆదివారమే భాగీరథిని అడిగిన ప్రశ్న ఇది. పొద్దున్నే జహీరాబాద్‌లో బస్సెక్కి, రెండున్నర గంటలు కూర్చుని వచ్చిన మనిషికి ఇంతకంటే మంచి స్వాగతం దొరకదు. భాగీరథికి తోచిన జవాబు ఒక్కటే.

"ఇనుము కాదు సర్, అల్యూమినియం."

నవదీప్ నవ్వేసి ఫీజు రశీదు రాసిచ్చాడు. ఆ జవాబులో డేటా గురించి ఆమెకు తెలిసిందంతా ఉందని అప్పటికి అతనికి తెలియదు. ఆమెకూ తెలియదు. పేరు తప్పుగా రాసిన ముక్కను ముందుకు పోనివ్వకపోవడం ఆమెకు ఏడేళ్ల అలవాటు, అంతే.

భాగీరథిది న్యాల్‌కల్ వైపు ఊరు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్. పెళ్లి జహీరాబాద్‌లోనే, అల్లం, ఆలుగడ్డల హోల్‌సేల్ చేసే సుదర్శన్‌తో అయింది. ఉద్యోగం ఊరి బయట, ట్రాక్టర్లకు అల్యూమినియం హౌసింగులు చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో, క్వాలిటీ ఇంజినీర్‌గా. హౌసింగ్ అంటే గేర్లు, బేరింగులు కూర్చునే డొప్ప. దానిలో బేరింగు పట్టే గుండ్రని రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ రంధ్రం ఉండాల్సినదానికంటే వెంట్రుకలో సగమంత పెద్దదైనా ముక్క పనికిరాదు. పనికొస్తుందో రాదో చెప్పడమే భాగీరథి పని.

ఆ ఏడాది దసరా తర్వాత యాజమాన్యం ఒక కబురు చెప్పింది. హౌసింగుల లైను ఉగాదికల్లా మహారాష్ట్రకు తరలిపోతుంది. రాదలచుకున్నవాళ్లు రావచ్చు, లేనివాళ్లు వెతుక్కోవచ్చు. సుదర్శన్ దుకాణం భుజాన వేసుకుని తీసుకుపోయేది కాదు. కాబట్టి భాగీరథి వెతుక్కోవాలి. ఊళ్లో ఉన్న మిగతా కంపెనీల్లో క్వాలిటీ వాళ్లను తీసుకోవడం కాదు, తగ్గించుకోవడం నడుస్తోంది. ఏళ్ల తరబడి ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టిన తనకు సరిపోయే కొత్త పని డేటా అనలిటిక్స్ అని ఆమె నిర్ణయించుకుంది. కలలూ ఆశయాలూ అని పెద్ద మాటలు వాడనక్కర్లేదు. ఉగాదికి ముందు ఉద్యోగం కావాలి. విషయం అదే.

కోర్సు సగానికొచ్చేసరికి డేటాను వెతికి తీసే ఎస్‌క్యూఎల్ వచ్చింది, పవర్ బీఐలో బొమ్మలు గీయడం వచ్చింది, పైథాన్ అంతంతమాత్రంగా వచ్చింది. రానిదల్లా తన గురించి తాను రాసుకోవడం. ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ప్రతి మనిషికీ పేరు కింద ఒక హెడ్‌లైన్ ఉంటుంది, దాని కింద నాలుగు పేరాల పరిచయం. హెడ్‌లైన్ ఒకటి రెండు వరుసలకు మించదు. పరిచయంలోనూ మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. ఆ కాస్త జాగాలో తాను ఎవరో చెప్పాలి.

కోచింగ్ సెంటర్ ఒక నమూనా ఇచ్చింది. దాన్ని అనుసరించి ఆమె ఇంగ్లిషులో ఇలా పెట్టుకుంది: "డేటా అనలిస్ట్ కావాలనుకుంటున్న ఫ్రెషర్. నేర్చుకోవాలన్న తపన ఉంది. అవకాశం కోసం చూస్తున్నాను."

మూడు వారాలైనా ఎవరూ పలకరించలేదు.

నవదీప్ ఆమెను పక్కకు పిలిచి అసలు మందు చెప్పాడు. "మేడం, ఫ్రెషర్ అంటే ఎవరూ చూడరు. మూడేళ్లు డేటా అనలిస్ట్‌గా చేశానని పెట్టేయండి. కంపెనీ పేరు, లెటర్, పేస్లిప్ అన్నీ దొరుకుతాయి. అందరూ చేసేదే."

"పట్టుబడితే?"

"ఎవరు పట్టుకుంటారు?"

భాగీరథి ఒప్పుకోలేదు. దీన్ని నీతి కథగా చదవనక్కర్లేదు. దొంగ కొలత రాసిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు కస్టమర్ అసెంబ్లీ లైనులో ఇరుక్కుంటుందని, అప్పుడు ఫోను తనకే వస్తుందని ఆమెకు అనుభవం. ఇంటర్వ్యూలో "ఆ కంపెనీలో మీరు ఏ టేబుళ్ల మీద పనిచేశారు?" అని ఒక్కడు అడిగితే చాలు.

ఆ రాత్రి అన్నం దగ్గర సుదర్శన్‌కు ఇదంతా చెబుతుంటే అత్త హనుమమ్మ విన్నది. కోడలి ఉద్యోగం ఏమిటో ఆమెకు ఏడేళ్లుగా అంతుబట్టలేదు కానీ, తన గురించి తాను చెప్పుకోవడం అన్న మాట మాత్రం పట్టుకుంది.

"గదేందో జర సదువు," అంది.

భాగీరథి తెలుగు చేసి చదివింది. హనుమమ్మ ముద్ద చేతిలోనే ఆపింది.

"సంబంధం జెప్పేటప్పుడు పిల్లకు ఒంట రాదు, నేర్సుకుంటది అని మొదలువెడ్తరా ఎవరన్న? వచ్చింది ముందుగాల జెప్పాలె గద!"

"రానిదాన్ని వచ్చు అని జెప్పమంటున్నడమ్మా ఆ కోచింగాయన," అన్నాడు సుదర్శన్.

"గట్ల జెప్తే గిట్లయితది. మీ నాయినకు దుకాణం ఉన్నదని జెప్పి నన్నిచ్చిన్రు. వచ్చి జూస్తే త్రాసు ఒక్కటే ఉండె," అంది హనుమమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

మరుసటి ఆదివారం భాగీరథి క్లాసు ఎగ్గొట్టి క్రాంతి కుమార్‌ను కలిసింది. అతను ఇంజినీరింగ్‌లో ఆమె క్లాస్‌మేట్, జహీరాబాద్ పిల్లాడే. నాలుగేళ్ల క్రితం ఫ్యాక్టరీ వదిలి, ఇప్పుడు హైదరాబాదులో ఫ్యాక్టరీల కోసం సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో అనలిస్టు. తమ టీములో ఒక ఖాళీ ఉందనీ, పేరు తాను చెప్పగలననీ, ఆపైన మేనేజరు ఆమె ప్రొఫైల్ చూసి పిలవాల్సిందేననీ ముందే చెప్పాడు. ఆమె ఈసారి నమూనా పక్కనపెట్టి తన అనుభవమంతా రాసుకుని వెళ్లింది. అతను ఫోనులో చదివి, చాయ్ కప్పు పక్కకు జరిపాడు.

"ఏందిది?"

"నా సమ్మరీ."

"'తనిఖీలు చేయబడినవి. నివేదికలు సమర్పించబడినవి. దిద్దుబాటు చర్యలు తీసుకొనబడినవి.' ఎవలు తీసుకున్నరు? దయ్యాలా?"

భాగీరథి నవ్వబోయి ఆగింది. కస్టమరుకు పంపే ఏ రిపోర్టులోనూ మనిషి పేరు రాయకూడదు, అది వాళ్ల కంపెనీ పద్ధతి. పని చేసింది డిపార్టుమెంటు. తప్పు చేసింది మాత్రం ఆపరేటరు. ముక్క చెడితే కారణం గడిలో "ఆపరేటరు అవగాహనా లోపం" అనీ, చర్య గడిలో "ఆపరేటరుకు తిరిగి శిక్షణ ఇవ్వబడినది" అనీ రాసేస్తే ఫైలు మూసుకుంటుంది. ఏడేళ్లుగా ఆ భాషలో రాసీ రాసీ, తన బతుకును కూడా దానిలోనే రాసుకుంది.

"ఇందుల నువ్వెక్కడున్నవ్ భాగీరథీ? ఇంత పని జేసినవ్, ఒక్కటన్న 'నేను జేసిన' అని చెప్పరాదూ?"

"నేనేం జేసిన క్రాంతీ? కొలిచిన, రాసిన."

"ఒక్కటి జెప్పు. అందరు ఒకటంటే నువ్వు ఇంకోటి అన్నది."

ఆమె పాండు సంగతి చెప్పింది.

రెండేళ్ల కిందటి ఎండాకాలం. హౌసింగుల రంధ్రాలు పెద్దవవుతున్నాయని కుప్పలకు కుప్పలు రిజెక్టు. అన్నీ మధ్యాహ్నం షిఫ్టువే. ఆ షిఫ్టులో మిషను నడిపేది ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చే పాండు. రాత్రి షిఫ్టు ముక్కలు పొద్దున తనిఖీకి వస్తే దాదాపు అన్నీ పాస్. అదే మిషను, అదే టూలు. కాబట్టి పాండు చెయ్యే మంచిది కాదన్నారు. శిక్షణ ఇవ్వబడినది. రిజెక్టులు తగ్గలేదు. పాసైన ముక్కల లెక్కన జీతం మీద ఇచ్చే ఇన్సెంటివ్ కోశారు. అప్పటికీ తగ్గలేదు. ఒకరోజు పాండు, భాగీరథి కొలతలు చూసే గేజు రూమ్ తలుపు తోసుకుని వచ్చేశాడు.

"మేడం, రాత్రోడు నడిపేది గా మిషనే, నేను నడిపేది గా మిషనే. మజ్జానమైతే నా చేతులకేమన్న జరమొస్తదా?"

"నాకేం ఎరుక పాండూ, కొలత గట్ల వస్తుంది."

"కొలత వస్తుందంటరు, పైసలు కోస్తరు. జర మీ కొలత గూడ సూస్కోరాదున్రి!"

అరిచి వెళ్లిపోయాడు. అతనికి కొలతల సంగతి ఏమీ తెలియదు, తన డబ్బు పోతోందన్న మంట తప్ప. కానీ ఆ మంట భాగీరథికి అంటుకుంది. మిషన్ దగ్గర ప్రతి ముక్కా ఏ గంటకు తయారైందో ఒక షీటు ఉంటుంది. గేజు రూమ్‌లో ప్రతి ముక్కనూ ఏ గంటకు కొలిచారో ఇంకో షీటు. రెండింటినీ ఎవరూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టలేదు, ఎందుకంటే రెండూ వేర్వేరు డిపార్టుమెంట్లవి. ఆమె ముక్క మీది నంబరు పట్టుకుని రెండు షీట్లనూ కలిపింది. అప్పుడు కనిపించింది. రాత్రి చేసిన ముక్కలు తెల్లారేదాకా ట్రేల్లో పడి ఉండి, చల్లారాక కొలతకు వస్తున్నాయి. మధ్యాహ్నం ముక్కలు, సాయంత్రం లారీ పోవాలన్న తొందరలో, మిషను మీంచి వేడివేడిగా గేజు కిందకు వస్తున్నాయి. గేజును సరిచేసే ఉంగరమేమో ఏసీ గదిలో చల్లగా ఉంటుంది. వేడికి అల్యూమినియం సాగుతుంది, రంధ్రం పెద్దదిగా కనబడుతుంది. అదే ఇనుమైతే ఇంత సాగేది కాదు.

రిజెక్టు కుప్పలోంచి ఒక ట్రే తీసి, రాత్రంతా గేజు రూమ్‌లో ఉంచి, పొద్దున మళ్లీ కొలిచింది. చాలావరకు పాసయ్యాయి.

"అప్పటి సంది ముక్క చల్లారినంకనే కొలుస్తున్నం," అంది భాగీరథి. "రిజెక్టులు సగానికి సగం పడిపోయినయి. గంతే."

క్రాంతి కుమార్ జేబులోంచి పెన్ను తీశాడు.

"గంతేనా? రెండు టేబుళ్లు ఒక నంబర్ మీద కలిపినవ్. దాన్నే జాయిన్ అంటరు, నిన్న మొన్న నువ్వు పైసలు కట్టి నేర్చుకున్నదదే. డేటాను నమ్మే ముందుగాల డేటా ఎట్ల పుట్టిందో చూసినవ్. మా ఆఫీసుల సగంమందికి ఆ సోయి లేదు. నువ్వు ఫ్రెషర్‌వా?"

తర్వాతి గంటసేపు ఇద్దరూ ఒక కాగితం మీద రెండు నిలువు గడులు గీసి కూర్చున్నారు. ఎడమవైపు ఫ్యాక్టరీ మాట, కుడివైపు ఆఫీసు మాట. గేజు నమ్మదగ్గదా అన్న పరీక్ష ఇటు వస్తే డేటా నాణ్యత. మూలకారణం వెతకడం ఇటు వస్తే విశ్లేషణ. ఏ లోపం ఎక్కువ వస్తోందో ఎత్తు ప్రకారం పేర్చే పట్టీలు ఇటూ అటూ ఒకటే. ఆపరేటరుతో ఒక భాషలో, మేనేజరుతో ఇంకో భాషలో మాట్లాడి ఒకే విషయం ఒప్పించడానికి మాత్రం ఆఫీసులో పెద్ద పేరుంది, జీతం కూడా ఉంది.

హెడ్‌లైన్ దగ్గర తగవు వచ్చింది. ముందు "డేటా అనలిస్ట్" అని ఉండాలన్నాడు క్రాంతి కుమార్. మనుషుల్ని వెతికేవాళ్లు టైపు చేసేది ఆ మాటే, అది లేకపోతే ఆమె పేరు పైకి రాదు.

"నేను గా పోస్టుల లేను గద. అబద్ధమైతది."

"హెడ్‌లైన్ ఏ పనికి వస్తున్నవో చెప్తది. కింద ఉద్యోగాల కాడ నీ పోస్టు క్వాలిటీ ఇంజినీర్ అనే ఉంటది, ఒక్క అక్షరం మార్చకు. పక్కనే మెకానికల్ అని గూడ రాయి. దాచిపెట్టుడు ఎందుకు? అదే నీ బలం."

ఇంగ్లిషులో రాసుకున్న దాన్ని తెలుగులో చెప్పుకుంటే చివరికి ఇలా తేలింది: "డేటా అనలిస్ట్, తయారీ రంగం. ఏడేళ్లు క్వాలిటీలో పనిచేసిన మెకానికల్ ఇంజినీర్. ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, ఎక్సెల్." పైథాన్ పెట్టలేదు. అంతంతమాత్రం వచ్చినదాన్ని వచ్చునని రాయనంది.

పరిచయం ఆమె బస్సులో, సంగారెడ్డి దాటాక, ఫోనులో రాసింది. "ఒక వేసవిలో మా ప్లాంటులో మధ్యాహ్నం ముక్కలన్నీ రిజెక్టు అయ్యేవి. లోపం ముక్కలో లేదని, మా కొలతలో ఉందని నేను రెండు షీట్లను కలిపి కనుగొన్నాను. ఒక ఆపరేటరు అడిగిన ప్రశ్నతో అది మొదలైంది. రిజెక్టులు సగానికి తగ్గాయి. ఏడేళ్లుగా నా పని ఇదే: అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం, కారణం వెతకడం, దాన్ని షాపులోనూ ఆఫీసులోనూ అర్థమయ్యేలా చెప్పడం. ఇప్పుడు అదే పనిని ఎస్‌క్యూఎల్, పవర్ బీఐలతో చేస్తున్నాను. ఫ్యాక్టరీ డేటాతో పనిచేసే టీములో అనలిస్టుగా చేరాలని చూస్తున్నాను." ముక్క పేరు, కస్టమరు కంపెనీ పేరు, రిజెక్టు శాతాలు కూడా పెట్టింది. క్వాలిటీ మనిషికి పార్టు పేరు లేని అంకె అంకె కాదు. జహీరాబాద్ చేరేలోపు అంతా వెబ్‌సైట్‌లోకి ఎక్కించేసింది.

మంగళవారం ప్లాంటు మేనేజర్ మదన్‌మోహన్ ఆమెను క్యాబిన్‌కు పిలిచాడు. ఆయన ఫోను టేబుల్ మీద ఉంది, దానిలో ఆమె ఫొటో, కింద పరిచయం.

"భాగీరథి గారూ, కస్టమరు పేరు రోడ్డు మీద పెట్టారేంటండీ? వాళ్ల పర్చేజ్ ఆయన నాకు పంపించాడు ఇది. మన రిజెక్షన్ పర్సెంటేజీ ఊరందరికీ ఎందుకు?"

అది ఆమె తప్పే. వెంటనే ఒప్పుకుంది. అక్కడే నిలబడి ఫోను తీసి కస్టమరు పేరు, ముక్క పేరు, శాతాలు తీసేసింది. "సగానికి తగ్గాయి" అన్నది ఉంచింది. సగం అంటే ఎవరి గుట్టూ బయటపడదు.

మదన్‌మోహన్ మళ్లీ చదివాడు. "ఇంకో లైను కూడా తీసేయండి. 'లోపం కొలతలో ఉంది' అన్నది."

"అది ఎందుకు సర్?"

"మనం కస్టమరుకు పంపిన రిపోర్టులో ఆపరేటర్ ట్రైనింగ్ అని ఉంది. అదీగాక, కొలతే తప్పంటే ఆ నెలల్లో కట్ చేసిన ఇన్సెంటివ్‌లు వాపసు అడుగుతారు. మీరు వెళ్లిపోయే మనిషి, మీకేం. రేపు మీ రిలీవింగ్ లెటర్ మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా."

ఆఖరి మాట ఆయన చాలా మర్యాదగా అన్నాడు. రిలీవింగ్ లెటర్ లేకుండా కొత్త కంపెనీలో చేరడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు. ఆ లైను తీసేస్తే మిగిలేది ఏమిటో భాగీరథికీ తెలుసు: తనిఖీలు చేయబడినవి, నివేదికలు సమర్పించబడినవి. మేనేజరు ఎవరో తెరిచి చూసి, మూసేసే పరిచయం.

"సర్, అబద్ధమైతే ఇప్పుడే తీసేస్త," అంది. "అబద్ధమా?"

ఆయన ఫోను తన వైపు తిప్పుకున్నాడు.

"నిజమైతే ఉండనీయున్రి. గా లైనుల కంపెనీ పేరు లేదు, కస్టమర్ పేరు లేదు, పాండు పేరు గూడ లేదు. నేను చేసిన పని ఒక్కటే ఉన్నది. ఇంగ పాండు పైసలంటరా, గది నా లైనుతోటి వచ్చిన బాకీ కాదు. రెండేండ్ల నుంచి ఉన్నదే."

"మీ లైనూ ఆ డబ్బూ కలపకండి."

"నేను కలపలేదు సర్. మీరే కలిపిన్రు."

ఫ్యాక్టరీలో ఏడేళ్లు పనిచేసి, ఒక్క రిపోర్టులోనూ "నేను" అని రాయని మనిషి, మొదటిసారి రాసిన "నేను"ను కొట్టేయనని నిలబడింది. ధైర్యవంతురాలని బిరుదివ్వడం సులువు. లెటరు రాకపోతే ఏం చేయాలో అప్పటికి తనకు తెలియదని ఆమే తర్వాత క్రాంతి కుమార్‌కు చెప్పింది. మదన్‌మోహన్ ఫోను బోర్లించి, "సరే, వెళ్లండి" అన్నాడు. సంతకం పెడతానని అనలేదు, పెట్టననీ అనలేదు.

పది రోజులకు క్రాంతి కుమార్ వాళ్ల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ చేసిన మేనేజరు దీక్షిత, భాగీరథి పరిచయాన్ని తెర మీద పెట్టుకుని కూర్చుంది. ఎస్‌క్యూఎల్ గురించి రెండు ప్రశ్నలడిగి, మూడోది మొదలుపెట్టబోయి ఆగింది.

"అది అలా ఉంచండి. ఈ కొలత తప్పని మీకు ఎలా తెలిసింది?"

భాగీరథి బోర్డు దగ్గరికి వెళ్లి రెండు షీట్లూ గీసింది. ముక్క నంబరు దగ్గర గీత కలిపింది. రాత్రి ముక్కలు ఎందుకు పాసవుతాయో దీక్షితనే చెప్పమంది. ఆపైన భాగీరథి వేడి సంగతి విప్పాక దీక్షిత కుర్చీలో ముందుకు జరిగి, తమ దగ్గరున్న ఒక ఫ్యాక్టరీ డేటాలో ఇలాంటిదే ఒకటి నెలలుగా తేలడం లేదని మొదలుపెట్టింది. ఆ తర్వాత నడిచింది ఇంటర్వ్యూ కాదు, పని. పైథాన్ ఎంత వచ్చని చివర్లో అడిగితే, "కొంచెమే. మూడు నెలలు ఇవ్వండి" అంది.

ఆఫర్ వచ్చింది. వారానికి రెండు రోజులు హైదరాబాదు, మిగతా రోజులు ఇంటి నుంచే. హనుమమ్మ ఆలుగడ్డల బస్తాలు పక్కకు జరిపించి, కోడలికి కిటికీ పక్కన ఒక బల్ల వేయించింది. "ఏం జేస్తవో నాకు సమజ్ గాదు గని, ఎల్తుర్ల కూసో," అంది.

రిలీవింగ్ లెటర్ ఆఖరి రోజు సాయంత్రం దాకా రాలేదు. గేటు మూసే వేళకు మదన్‌మోహనే స్వయంగా తెచ్చి చేతిలో పెట్టాడు. సంతకం ఉంది. "ఆ లైను అలాగే ఉంచారా?" అని అడిగాడు. ఉందని చెప్పింది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. అలా తలూపడంలో ఏముందో ఊహించడం మన పని కాదు.

వెళ్లేముందు ఆమె ఇంకొక పని చేసింది. ఆ రెండు షీట్లనూ కలిపిన ఫైలుతో హెచ్ఆర్‌కు, తన పేరుతో, ఒక మెయిల్ పెట్టింది. ఆ వేసవిలో రిజెక్టు అని రాసిన ముక్కల్లో చాలావరకు మంచివేననీ, ఇన్సెంటివ్ లెక్క మళ్లీ చూడాలనీ, ఈ విషయం మొదట అడిగింది పాండు అనీ రాసింది. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. లైను మహారాష్ట్రకు పోయింది. పాండు మొగుడంపల్లి దారిలో ఇంకో వర్క్‌షాపులో చేరాడు. ఆమె కనబడితే, "ఏం మేడం, మీ కొలత కొలువైంది, మరి నా కొలతో?" అంటాడు.

ఆ వేసవికి పాండు జీతంలో కోసిన ఇన్సెంటివ్ ఆరు వేల ఎనిమిది వందల రూపాయలు. కంపెనీ అది ఇంకా ఇవ్వలేదు.